పాకడం కన్నా ముందు రెండు చేతులూ గమనించండి

ప్రశ్న: మా పాపకు 11 నెలలు. బాగా కూర్చుంటుంది కానీ పాకదు, పిర్రల మీద జరుగుతుంది. పక్కింటి బాబు 10 నెలలకే అడుగులు వేస్తున్నాడు. "కొందరు పిల్లలు లేటే, ఏం కాదు" అంటారు మా అత్తమ్మ. డాక్టరుకు చూపించాలా?

పాకడం లేదన్న ఒక్క కారణానికి టెన్షన్ పడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల్లో ఆరోగ్యవంతులైన పిల్లల్ని గమనిస్తే, నూటికి నలుగురు మోకాళ్ల మీద పాకకుండానే నడిచేశారు. కొందరు ఎనిమిదో నెల దాటగానే సొంతంగా నడిస్తే, కొందరు 17 నెలలు దాటాక నడిచారు. పిర్రల మీద జరిగే పిల్లలు నడకకు కాస్త ఆలస్యం చేయడం కూడా మామూలే. పక్కింటి బాబుతో పోల్చి చూసుకోవాల్సిన పని లేదు.

నేను మిమ్మల్ని అడగాలనుకున్నది వేరే. బొమ్మ చూపిస్తే పాప ఏ చెయ్యి చాపుతుంది? రెండు చేతులూ వాడుతుందా, ఎప్పుడూ ఒకటేనా?

మా బాబు ఆరో నెల నుంచే ఏది అందుకోవాలన్నా ఎడమ చెయ్యే చాపేవాడు. మా మామగారిది ఎడమచేతి వాటం కాబట్టి తాత పోలిక అని అందరం మురిసిపోయాం. కుడి చెయ్యి ఎక్కువసేపు పిడికిలి బిగించి, బొటనవేలు లోపలికి మడిచి ఉండేది. స్నానం చేయించేటప్పుడు ఆ పిడికిలి విప్పి కడగడం కష్టంగా ఉండేది. చొక్కా తొడిగేటప్పుడు కూడా కుడి చెయ్యే బిర్రుగా ఉండేది. ఇవన్నీ రోజూ చూస్తూనే ఉన్నా, ఒకదానితో ఒకటి కలిపి ఆలోచించలేదు.

తొమ్మిదో నెల టీకాకు వెళ్లినప్పుడు డాక్టరుగారు గిలక్కాయను వాడి కుడి పక్కన పెట్టారు. వాడు ఒళ్లంతా తిప్పి ఎడమ చేత్తోనే తీసుకున్నాడు. తర్వాత ముఖం మీద పల్చటి చేతిరుమాలు కప్పి, ఒక చెయ్యి నెమ్మదిగా పట్టుకున్నారు. కుడి చెయ్యి పట్టుకుంటే ఎడమ చేత్తో చటుక్కున లాగేశాడు. ఎడమ చెయ్యి పట్టుకుంటే ఏడ్చాడు తప్ప కుడి చెయ్యి పైకి రాలేదు. ఏ చేతివాటమో తెలియడం మామూలుగా ఏడాదిన్నర దాటాకే మొదలవుతుందని, ఏడాదిలోపే ఒక చెయ్యి మాత్రమే వాడుతుంటే అది వాటం కాదు, రెండో చెయ్యి బలహీనమని ఆయన చెప్పారు. ఎమ్మారై తీస్తే మెదడు ఎడమ భాగంలో పాత మచ్చ కనిపించింది. పుట్టే సమయానికి అటూ ఇటూగా అక్కడ రక్తప్రసారం ఆగిపోయిందట. ఎడమ మెదడు నడిపేది కుడి పక్కను కాబట్టి కుడి చెయ్యి, కుడి కాలు వెనకబడ్డాయి.

ఫిజియోథెరపీ వెంటనే మొదలుపెట్టాం. రోజూ కొంతసేపు ఎడమ చేతికి మెత్తటి తొడుగు వేసి, కుడి చేత్తోనే ఆడుకునేలా చేయించారు. వాడని చేతిని మెదడు క్రమంగా పక్కన పెట్టేస్తుందని, అందుకే నెలలు పోగొట్టుకోకూడదని థెరపిస్టు చెప్పేవారు. వాడు 19 నెలలకు నడిచాడు. కుడి మడమ నేలకు ఆనక మునివేళ్ల మీద పడేది కాబట్టి పాదానికి ఆసరాగా ఉండే పట్టీ పెట్టారు. ఇప్పుడు ఒకటో తరగతి. చొక్కా గుండీలు ఇంకా కష్టమే కానీ, పళ్లెం రెండు చేతులతో పట్టుకుంటాడు.

మీ పాపను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, నచ్చిన బొమ్మను ఒకసారి కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క చూపించండి. రెండు మూడు రోజులు, నిద్ర, ఆకలి లేని వేళ చూడండి. ఏ పక్క చూపిస్తే ఆ పక్క చెయ్యి వస్తుంటే మంచిదే, తర్వాతి టీకాకు వెళ్లినప్పుడు ఒక మాట అడిగితే చాలు. ఎప్పుడూ ఒకే చెయ్యి వస్తుంటే, లేదా ఒక కాలు బిర్రుగా ఉంటే, ఈ వారంలోనే చూపించండి. జరిగేటప్పుడు, ఆడుకునేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్లండి. ఆసుపత్రిలో పిల్లలు ఏడుపు లంకించుకుంటే డాక్టరుకు ఏమీ కనిపించదు.

నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోయినా, 18 నెలలకు నడవకపోయినా కూడా చూపించాల్సిందే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే పుట్టిన రోజు నుంచి కాకుండా, డాక్టర్లు ఇచ్చిన కాన్పు తేదీ నుంచి లెక్కపెట్టాలి. ఇక కూర్చునే బిడ్డ కూర్చోవడం మానేసినా, వచ్చిన పని ఏదైనా పోయినా, ఏ వయసైనా సరే, మర్నాటికి వాయిదా వేయకండి.

ఖర్చు గురించి ఆలోచిస్తుంటే అంగన్‌వాడీలో అడగండి. ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం బృందాలు అక్కడికి వచ్చి పిల్లల్ని చూస్తాయి, అవసరమైతే డీఈఐసీ అనే కేంద్రానికి పంపుతాయి. అక్కడ పరీక్షలు, థెరపీ ఉచితం. వాకర్ మాత్రం కొనకండి. అది నడక నేర్పదు, దొర్లి పడి దెబ్బలు తగిలే ప్రమాదం ఎక్కువ. చాప పరిచి నేల మీద వదిలేయండి.