బయటి వాళ్లు ఉన్న సమావేశానికి మినిట్స్: తగవు ఉన్నచోట ఏం రాయాలి?

ప్రశ్న: మా ఆఫీసులో క్లయింటుతోనూ, వెండర్లతోనూ జరిగే మీటింగులకు మినిట్స్ నేనే రాయాలి. ఎవరి పక్షం వహించకుండా, ఏం నిర్ణయించారు, ఎవరు ఏం చేయాలి అన్నది ఎలా రాయాలి?

నేను భవన నిర్మాణ ప్రాజెక్టులను క్లయింటు తరఫున పర్యవేక్షించే కన్సల్టెన్సీలో పనిచేస్తున్నాను. వారానికొకసారి సైటులో జరిగే సమీక్షకు క్లయింటు ఇంజనీరు, ఆర్కిటెక్టు కార్యాలయం నుంచి ఒకరు, స్ట్రక్చరల్ కన్సల్టెంటు, ప్రధాన కాంట్రాక్టరు వస్తారు. ఒకే బల్ల చుట్టూ కూర్చున్నా వీరి ఒప్పందాలు వేరు, ప్రయోజనాలు వేరు. అందువల్ల అక్కడి మినిట్స్‌లోని ప్రతి వాక్యాన్నీ ఏదో ఒక రోజు ఎవరో ఒకరు తమ లేఖకు జతపరుస్తారన్న ఎరుకతోనే రాయాలి. నా అనుభవంలో తటస్థత దెబ్బతినేది మర్యాద లోపించడం వల్ల కాదు. సమావేశం తేల్చని విషయాన్ని రాసేవారు తమ కలంతో తేల్చేయడం వల్ల దెబ్బతింటుంది.

ఒక కార్యాలయ భవనం పనిలో మూడో అంతస్తు స్లాబ్ ఆగిపోయింది. తూర్పు వైపు ఎలక్ట్రికల్ షాఫ్ట్ రంధ్రం కొలత మారింది. సవరించిన డ్రాయింగ్ వచ్చేసరికి పాత కొలత ప్రకారం సెంట్రింగ్ పూర్తయిపోయింది. సమావేశంలో కాంట్రాక్టరు మేనేజరు "డ్రాయింగ్ టైముకు ఇచ్చి ఉంటే ఈపాటికి కాంక్రీటు పోసేసేవాళ్లం సార్" అన్నారు. ఆర్కిటెక్టు ప్రతినిధి వెంటనే "మీరు ముందుగా రాతపూర్వకంగా అడగలేదు కదండీ, 18వ తేదీన గానీ మీ ప్రశ్న మాకు చేరలేదు" అన్నారు. చాలాసేపు వాదన సాగాక క్లయింటు ఇంజనీరు కల్పించుకుని, కొత్త కొలతే ఖాయమని, ముందు పని కానివ్వమని చెప్పారు. అప్పటికి మినిట్స్ రాసే బాధ్యత కాంట్రాక్టరు కార్యాలయానిదే. వారు పంపిన కాగితంలో ఈ అంశం ఇలా ఉంది (అసలు ఇంగ్లీషులో ఉంది, సారాన్ని తెలుగులో ఇస్తున్నాను):

"డ్రాయింగ్ ఆలస్యంగా అందడం వల్ల మూడో అంతస్తు స్లాబ్ పది రోజులు ఆలస్యమైంది. మిగిలిన వివరాలు త్వరగా ఇవ్వాలని, స్లాబ్ పనిని వేగవంతం చేయాలని నిర్ణయించడమైనది. సవరించిన తేదీకి క్లయింటు అంగీకరించారు."

పైకి చూస్తే ఇందులో ఎవరినీ తిట్టలేదు, భాష కూడా సౌమ్యంగానే ఉంది. కానీ మూడు వాక్యాల్లోనూ ఒకరికి అనుకూలమైన తీర్పు దాగి ఉంది. మొదటి వాక్యం, సమావేశంలో ఒక పక్షం చెప్పిన కారణాన్ని అందరూ ఒప్పుకున్న వాస్తవంగా మార్చింది. పది రోజులు ఏ తేదీ నుంచి లెక్కో కూడా చెప్పలేదు. రెండో వాక్యంలో పనులున్నాయి గానీ వాటిని చేయవలసినవారు లేరు. అంతకంటే ప్రమాదకరమైనది "వేగవంతం చేయాలని నిర్ణయం" అన్న మాట. దాన్ని క్లయింటు ఇచ్చిన ఆదేశంగా చూపి, అదనపు మనుషులకూ రాత్రి షిఫ్టులకూ అయిన ఖర్చును కాంట్రాక్టరు అడగవచ్చు. ఆ రోజు క్లయింటు ఇంజనీరు అలాంటి ఆదేశమేదీ ఇవ్వలేదు.

మూడో వాక్యం చట్టం దాకా వెళుతుంది. భారత కాంట్రాక్టుల చట్టం, 1872లోని 55వ సెక్షన్ ప్రకారం, గడువు ఒప్పందానికి ముఖ్యమైనదైనప్పుడు, గడువు దాటిన పనిని అవతలి పక్షం స్వీకరిస్తే, ఆ స్వీకరించే సమయంలోనే తాను నష్టపరిహారం అడుగుతానని నోటీసు ఇవ్వకపోతే తర్వాత దాన్ని అడగలేదు. గడువు గురించిన మాటలకు ఇంత బరువు ఉన్నప్పుడు, "సవరించిన తేదీకి క్లయింటు అంగీకరించారు" అన్న నాలుగు మాటలు ఎంత పెద్ద వివాదానికి ఆధారం కాగలవో ఊహించవచ్చు. అనుకున్నట్టే, తర్వాత గడువు పొడిగింపు కోరుతూ కాంట్రాక్టరు రాసిన లేఖకు ఆ మినిట్స్ అనుబంధంగా వచ్చాయి. ఆర్కిటెక్టు వాటిని ఒప్పుకోబోమని రాశారు. ఆ తర్వాతి సమావేశంలో సగం సమయం పాత మినిట్స్ మీద పోట్లాటకే సరిపోయింది. స్లాబ్ మాత్రం అంగుళం కదలలేదు.

ఆ తర్వాత మినిట్స్ రాసే పని మా కార్యాలయం తీసుకుంది. 10వ తేదీ సమావేశంలో అదే అంశం మళ్లీ వచ్చినప్పుడు నేను ఇలా రాశాను.

"స్థితి: పాత కొలత ప్రకారం సెంట్రింగ్ గత నెల 22వ తేదీన పూర్తయింది. షాఫ్ట్ సవరించిన డ్రాయింగ్, రివిజన్ సి, గత నెల 25వ తేదీన సైటుకు అందింది.

నిర్ణయం: షాఫ్ట్ రంధ్రం రివిజన్ సి ప్రకారం 900 × 600 మి.మీ. ఉంటుంది.

పక్షాల వైఖరి: స్లాబ్ జాప్యానికి డ్రాయింగ్ అందిన తేదీ కారణమని కాంట్రాక్టరు తెలిపారు. కొలత గురించిన రాతపూర్వక ప్రశ్న తమకు గత నెల 18వ తేదీన అందిందని ఆర్కిటెక్టు తెలిపారు. జాప్యానికి కారణంపై ఈ సమావేశంలో నిర్ణయం జరగలేదు.

చర్యలు: రంధ్రం చుట్టూ వేయవలసిన అదనపు స్టీలు వివరం ఇవ్వడం, స్ట్రక్చరల్ కన్సల్టెంటు, 12వ తేదీ మధ్యాహ్నం 12 లోపు. సెంట్రింగ్ సవరణ, కాంట్రాక్టరు, 14వ తేదీ సాయంత్రం లోపు, పై వివరం సమయానికి అందితే. ఉమ్మడి తనిఖీ ఏర్పాటు, క్లయింటు ఇంజనీరు, 15వ తేదీ ఉదయం 10 గంటలకు. తనిఖీలో ఆమోదం లభిస్తే 16వ తేదీన కాంక్రీటు పోస్తామని కాంట్రాక్టరు తెలిపారు. ఇది పని ప్రణాళిక తేదీ మాత్రమేనని, ఒప్పంద గడువులో మార్పు కాదని క్లయింటు ఇంజనీరు తెలిపారు."

ఇందులో నేను వివాదాన్ని దాచలేదని గమనించండి. తటస్థత అంటే గొడవ జరగనట్టు రాయడమని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. వివాదం ఉన్నదని, ఎవరి వైఖరి ఏమిటని, అది తేలలేదని రాయడమే ఇరుపక్షాలకూ న్యాయం. అయితే ఒకరికి రెండు వాక్యాలు, మరొకరికి అర వాక్యం ఇవ్వకూడదు. ఇద్దరికీ ఒకే క్రియ వాడాలి. ఒకరు "తెలిపారు", మరొకరు "సమర్థించుకున్నారు" అని రాస్తే, రెండోవారు తప్పు చేసి సంజాయిషీ చెప్పుకున్నట్టు అవుతుంది. తేదీల వంటి కాగితాలున్న విషయాలను స్థితి కింద, కారణాల వంటి అభిప్రాయాలను వాటిని చెప్పినవారి పేరు కింద పెడితే సగం తగవులు అక్కడే ఆగిపోతాయి.

చివరి వాక్యం గురించి ఒక మాట చెప్పాలి. ఒప్పంద గడువులో మార్పు కాదన్నది నేను ఇంటికెళ్లి చేర్చిన మాట కాదు. సమావేశంలో ఎవరూ పలకని రక్షణ వాక్యాన్ని మనకు జీతమిచ్చే పక్షం కోసం తర్వాత చొప్పించడం, పైన చూపిన పాత మినిట్స్ చేసిన పనికి ఏమాత్రం తీసిపోదు. 16వ తేదీ ప్రస్తావన రాగానే నేను అక్కడే అడిగాను: "సార్, దీన్ని గడువు మార్పుగా రాసుకోమంటారా, పని ప్రణాళికగా రాసుకోమంటారా?" జవాబు అందరి ముందూ వచ్చింది, అదే రాశాను. మినిట్స్ రాసేవారు మాట్లాడకుండా మూల కూర్చుని రాసుకోవాలనే పద్ధతి మన కార్యాలయాల్లో బలంగా ఉంది, నాకు అది అసలు నచ్చదు. కొత్తగా చేరిన కుర్రవాళ్లకు ఈ పని అప్పగించి, వారు ఒక ప్రశ్న అడిగితే విసుక్కునే పెద్దలను ఎందరినో చూశాను. అస్పష్టతను ఆ గదిలోనే తొలగించకపోతే, రాసేవారు దాన్ని తమ ఊహతో పూరించక తప్పదు.

ఇక ఎవరు చేయాలన్న విషయం. ఒక చర్యకు ఒకే బాధ్యులు ఉండాలి. "ఆర్కిటెక్టు మరియు కాంట్రాక్టరు సమన్వయం చేసుకోవాలి" అని రాస్తే ఇద్దరూ అవతలివారి ఫోను కోసం ఎదురుచూస్తారు. పనిలో ఇద్దరి పాత్ర ఉంటే దాన్ని రెండు చర్యలుగా విడగొట్టి, ఏది ముందో చెప్పాలి. సెంట్రింగ్ సవరణకు "పై వివరం సమయానికి అందితే" అన్న షరతు పెట్టింది అందుకే. స్టీలు వివరం 13న వస్తే, 14 దాటినందుకు కాంట్రాక్టరును తప్పుబట్టడం అన్యాయం.

సమావేశానికి రానివారి మీద పని వేయడం ఇంకొక దురలవాటు. ఆ షాఫ్ట్‌లో కేబుల్ ట్రేలు బిగించేది కాంట్రాక్టరు కింద పనిచేసే సబ్-కాంట్రాక్టరు. అతనికి క్లయింటుతో ఒప్పందం లేదు. మినిట్స్‌లో నేరుగా అతని పేరు రాస్తే, క్లయింటే అతనికి ఆదేశమిచ్చినట్టు కనిపించి, ప్రధాన కాంట్రాక్టరు బాధ్యత పలుచబడుతుంది. కాబట్టి "సబ్-కాంట్రాక్టరు నుంచి ట్రేల కొలతలు తెప్పించి అందించడం, కాంట్రాక్టరు, 13వ తేదీ" అని రాయాలి.

పంపడంలో ఆలస్యం ఉండకూడదు. నేను సమావేశం ముగిసే ముందు నిర్ణయాలను, చర్యలను మాత్రం పైకి చదువుతాను. మరుసటి పనిదినం సాయంత్రానికల్లా పంపి, సవరణలకు మూడు పనిదినాలు ఇస్తాను. ఇక్కడ కొందరు కంపెనీల చట్టం, 2013లోని 118వ సెక్షన్‌ను, బోర్డు సమావేశాల నియమాలను ఉటంకించి 30 రోజుల వ్యవధి ఉందంటారు. ఆ నియమాలు కంపెనీ బోర్డుకు, వాటాదారుల సమావేశాలకు సంబంధించినవి. సైటు సమీక్షకు వాటితో సంబంధం లేదు. మన మినిట్స్‌కు విలువ వచ్చేది అవతలి పక్షానికి అవి వెంటనే అందడం వల్ల, అందాక వారు అభ్యంతరం చెప్పారా లేదా అన్నదాని వల్ల. "గడువులోగా అభ్యంతరం రాకపోతే ఆమోదించినట్టే" అన్న వాక్యాన్ని నేనూ అడుగున పెడతాను. కానీ ఒప్పందం ప్రకారం లేఖ ద్వారా ఇవ్వవలసిన నోటీసుకు ఆ వాక్యం ప్రత్యామ్నాయం కాదు.

నేను పంపిన ఆ మినిట్స్‌కు కూడా అభ్యంతరం వచ్చింది. కొలతపై తమ ఇంజనీరు అంతకు ముందే ఫోనులో అడిగారని, అది చేర్చాలని కాంట్రాక్టరు మేనేజరు మెయిల్ రాశారు. ఆ మాట సమావేశంలో రాలేదు కనుక పాత ఫైలును తెరిచి దిద్దలేదు. తర్వాతి మినిట్స్‌లో మొదటి అంశంగా "గత మినిట్స్‌పై సవరణ అభ్యర్థన" అని పెట్టి, ఫలానా తేదీ మెయిల్ ద్వారా కాంట్రాక్టరు ఇలా తెలియజేశారని, ఆ ఫోను సంభాషణ తమ రికార్డులో లేదని ఆర్కిటెక్టు తెలిపారని రాసి, మెయిల్‌ను జతపరిచాను. ఇద్దరూ దానికి అంగీకారం తెలిపారు. కాంక్రీటు 16న కాక 17న పడింది, ఎందుకంటే తనిఖీలో ఒక మూల స్టీలు కింద పెట్టే కవర్ బ్లాకులు సరిగా లేవని తేలింది. ఆ ఒక్క రోజునూ అదే పద్ధతిలో, తనిఖీ పత్రం తేదీతో స్థితి కింద నమోదు చేశాను.