మైనస్ 7కి రిమ్‌లెస్: అంచు లావు, స్క్రూ దగ్గర పగుళ్లు

ప్రశ్న: నాకు రెండు కళ్ళకీ మైనస్ 7. పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, 62 మిల్లీమీటర్లు. తిరుపతి గాంధీ రోడ్డులో రిమ్‌లెస్ చేయించుకున్నాను. ఫ్రేమ్ మీద 54-18 అని, బిల్లులో లెన్స్ 1.56 అని ఉంది. అంచులు సోడాబుడ్డి లాగా ఉన్నాయి, ఆరు నెలలకే చెవి వైపు స్క్రూ దగ్గర అద్దం చీలింది. ఈసారి 1.74 వేయిస్తే సరిపోతుందా? లేక హాఫ్ రిమ్ తీసుకోవాలా?

జవాబు: 1.56, 1.74 అనేవి లెన్స్ ఇండెక్స్ అంకెలు, అంకె పెరిగేకొద్దీ అదే పవర్‌కి అద్దం పల్చనవుతుంది. కానీ 1.74 ఒక్కటే వేయిస్తే సరిపోదు. ముందు ఫ్రేమ్ సైజు తగ్గించాలి.

54-18 అంటే అద్దం వెడల్పు 54 మిల్లీమీటర్లు, ముక్కు మీది వంతెన 18. రెండూ కలిపితే 72. మీ పీడీ 62 కాబట్టి 10 తేడా, ఒక్కో కంటికి 5. అంటే లెన్స్ సెంటర్‌ని ముక్కు వైపు 5 మిల్లీమీటర్లు జరపాలి. అప్పుడు సెంటర్ నుంచి చెవి వైపు అంచుకి దూరం 27 ప్లస్ 5, మొత్తం 32. మైనస్ లెన్స్‌లో మందం ఈ దూరాన్ని బట్టి కాదు, దూరాన్ని దూరంతోనే గుణిస్తే వచ్చే వర్గాన్ని బట్టి పెరుగుతుంది. చిక్కంతా అక్కడే. మీ 1.56 లెన్స్‌కి ఆ అంచు దాదాపు 8 మిల్లీమీటర్లు వస్తుంది. అదే ఫ్రేమ్‌లో 1.74 వేస్తే సుమారు 6.

ఇప్పుడు 46-20 ఫ్రేమ్ తీసుకోండి. కూడితే 66, ఒక్కో కంటికి జరపాల్సింది 2 మాత్రమే, అంచుకి దూరం 25. ఇందులో 1.60 లెన్స్ వేసినా అంచు 5కి కాస్త తక్కువే. ఖరీదైన 1.74ని పెద్ద ఫ్రేమ్‌లో వేసినదానికన్నా ఇదే పల్చన. షాపులో అద్దం ముందు నిలబడితే పెద్ద ఫ్రేమే ముఖానికి నప్పినట్టుంటుంది, కానీ అప్పుడు అందులో ఉండేది పవర్ లేని డమ్మీ అద్దం.

ఇక పగులు. రిమ్‌లెస్‌లో లెన్స్‌కి రంధ్రం వేసి స్క్రూ దూర్చి, వెనక నట్టు బిగిస్తారు. మైనస్ 7 లెన్స్ ముందువైపు ఇంచుమించు చదునుగా ఉంటుంది, వెనకవైపు గిన్నె లాగా లోతుగా ఉంటుంది. చెవి వైపు రంధ్రం దగ్గర ఆ రెంటి మధ్య దాదాపు 20 డిగ్రీల వాలు ఉంటుంది. ముందు నుంచి నిటారుగా రంధ్రం వేసి మామూలు నట్టు బిగిస్తే, నట్టు మొత్తం ఆనదు, ఒక అంచే గుచ్చుకుంటుంది. బిగువంతా ఆ ఒక్క చోట పడుతుంది. దానికి తోడు అలిపిరి మెట్లెక్కుతూ చెమటకి జారిన జోడుని ఒంటి చేత్తో లాగితే, కమ్మీ మొత్తం మీట లాగా ఆ రంధ్రం మీదే పనిచేస్తుంది. 1.56 పెళుసు సరుకు, రంధ్రానికి పనికొచ్చేది కాదు. అందుకే ముక్కు వైపు బాగానే ఉండి, చెవి వైపు చీలింది.

పగులు రాబోతోందని ముందే కనిపెట్టొచ్చు. ల్యాప్‌టాప్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి, పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలని దాని ముందు తిప్పుతూ స్క్రీన్ నల్లబడే చోట ఆపండి. మధ్యలో మీ లెన్స్ పెట్టండి. స్క్రూ చుట్టూ తెల్లగా వెలిగే మచ్చ కనిపిస్తే అక్కడ ఒత్తిడి ఉన్నట్టు. పాలీకార్బోనేట్ అనే ప్లాస్టిక్ లెన్స్‌కి మాత్రం ఈ పరీక్ష నమ్మకండి, దానిలో మామూలుగానే రంగులు కనిపిస్తాయి. అది దెబ్బకి పగలదు గానీ, బిగువు ఉన్నచోట స్పిరిట్, అసిటోన్ తగిలితే సన్నని చీలికలు పడతాయి.

హాఫ్ రిమ్‌లో రంధ్రం ఉండదు. అంచు చుట్టూ సన్నని గాడి కోసి నైలాన్ దారం బిగిస్తారు. అది కొంత మేలే. గాడిని ముందు అంచుకి దగ్గరగా వేయించుకోండి, మందమంతా వెనక్కి పోయి ఎదుటివాళ్ళకి తక్కువ కనిపిస్తుంది. మరీ దగ్గరైతే మాత్రం గాడి పెదవి పెచ్చులూడి దారం జారుతుంది. ఇక్కడా 1.56 వద్దు.

రిమ్‌లెస్సే కావాలని పట్టుపడితే: 46 లేదా అంతకన్నా చిన్నది, 1.60లో ఎమ్ఆర్-8 సరుకు. షాపులో ఆ పేరు పెట్టే అడగండి, ఊరికే 'హై ఇండెక్స్' అంటే ఏదో ఒకటి వస్తుంది. 1.67 అయినా ఫర్వాలేదు. 1.74 రంధ్రానికి అంత గట్టిది కాదు. స్క్రూ-నట్టు బదులు ప్లాస్టిక్ బుష్‌లో పిన్ను నొక్కి కూర్చోబెట్టే రకం దొరికితే అదే తీసుకోండి. స్క్రూ రకమే అయితే రెండు వైపులా ప్లాస్టిక్ వాషర్ ఉందో లేదో డెలివరీ రోజే చూడండి. వదులైతే ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో బిగించకండి, చాలా లెన్సులు అలాగే పోతాయి.

నన్నడిగితే మీ పవర్‌కి 46 సైజు ఫుల్ రిమ్, కాస్త దళసరి ప్లాస్టిక్ షెల్ ఫ్రేమే. 5 మిల్లీమీటర్ల అంచులో చాలా భాగం ఆ ఫ్రేమ్ వెనకే దాక్కుంటుంది.