పేరు మారినా మనిషి కనపడుతుంది

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన సిరీస్ మొదటి ఎపిసోడ్ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. సంభాషణలు నీకు సహజంగా వస్తాయి. ఆ మాట చెప్పేశాను కనుక ఇక నన్ను కలవరపెట్టిన చోటికి వస్తాను. హత్యకు గురైన అమ్మాయి ఆ సాయంత్రం అక్కకు పంపిన చివరి వాట్సాప్ సందేశాన్ని నువ్వు ఎపిసోడ్ ముగింపులో తెర నిండా చూపించమన్నావు. ఆ వాక్యం నేను అప్పట్లో దినపత్రికలో చదివాను. నువ్వు దాన్ని అక్షరం మార్చకుండా దించావు. అమ్మాయి పేరు, ఊరి పేరు మాత్రం మార్చావు. బస్టాండు ఎదురుగా సైకిళ్లు బాగుచేసే తండ్రి అలాగే ఉన్నాడు. నర్సింగ్ చదువుతూ దసరా సెలవులకు ఇంటికి రావడమూ అలాగే ఉంది. "పేర్లు మార్చాను కాబట్టి ఇబ్బంది ఏమీ ఉండదు కదండీ" అని ఉత్తరంలో అడిగావు. ఉంటుంది. ఆ జిల్లాలో ఆ అమ్మాయి ఎవరో తెలుసుకోవడానికి ఎవరికీ పేరు అక్కర్లేదు, ఆ అక్క ఇంకా అదే వీధిలో ఉంటోంది.

2024 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'బేబీ రెయిన్‌డీర్' ఈ విషయంలో మనం శ్రద్ధగా చదవవలసిన పాఠం. ఒక స్త్రీ తనను ఏళ్ల తరబడి వెంటాడి వేధించిందని బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ గాడ్ మొదట నాటకంగా ప్రదర్శించి, తరువాత సిరీస్‌గా రాశాడు. అందులో ఆమె పేరు మార్తా. అసలు పేరు ఎక్కడా లేదు. అయినా సిరీస్ వచ్చిన కొద్ది రోజులకే ప్రేక్షకులు ఆమెను పట్టుకున్నారు. ఆమె ఎన్నో ఏళ్ల క్రితం గాడ్ ఖాతాకు ట్విట్టర్‌లో బహిరంగంగా పెట్టిన కిటికీ తెరల ప్రస్తావన ఒకటి సిరీస్‌లో ఒక మాటగా మిగిలిపోయింది. దాన్ని వెతుకుడు పెట్టెలో కొట్టినవారికి పాత ట్వీటు, దాని పక్కన ఆమె పేరు, ఫోటో దొరికాయి. పాత్రను స్కాట్లండ్ యాసతో, న్యాయశాస్త్రం చదివిన మనిషిగా ఉంచడం కూడా వాళ్లకు తోడ్పడింది. ఇంకో దారుణం అదే వారంలో జరిగింది. గాడ్ మీద అత్యాచారం చేసినట్టు సిరీస్‌లో చూపిన వ్యక్తి ఎవరా అని వెతికినవారు, ఏ సంబంధమూ లేని ఒక నాటక దర్శకుడి మీద పడ్డారు. ఆయనకు బెదిరింపులు వచ్చి, విషయం పోలీసుల దాకా వెళ్లింది. నిజమైన మనిషిని కప్పడానికి నువ్వు మార్చిన వివరాలు మరో మనిషికి సరిపోతే, ఆ బరువు అతని నెత్తిన పడుతుంది.

కనుక పేరు మార్చే పనిని అన్నిటికంటే చివర పెట్టుకో. మొదట వృత్తి, కుటుంబంలో ఎవరెవరున్నారు, పండుగ, ఇంటి ఆనవాలు మార్చు. పత్రికల్లో అచ్చయిన ఏ మాటనూ ఉన్నదున్నట్టు వాడకు. ఆ సందేశంలోని భావం కావాలంటే నీ సొంత వాక్యం రాయి, నీకు ఆ శక్తి ఉంది. తరువాత రెండు పరీక్షలు చెయ్యి. స్క్రిప్టులోని ప్రత్యేకమైన వాక్యాలను ఒక్కొక్కటిగా గూగుల్‌లో కొట్టి చూడు. ఆ ప్రాంతంవాళ్లు ఒకరిద్దరికి కథ చెప్పి, "ఇది ఎవరి సంగతి?" అని మాత్రం అడుగు. వాళ్లు వెంటనే ఒక ఇంటి పేరు చెప్పారంటే నీ పని పూర్తి కాలేదు.

లైంగిక నేరమైతే చట్టం కూడా ఇదే చెబుతుంది. 2018 డిసెంబర్ 11న నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు, బాధితురాలి పేరు ప్రచురించకపోవడం ఒక్కటే చాలదనీ, ఆమె ఎవరో తెలిసిపోయేలా చేసే ఏ వివరాన్నీ పరోక్షంగానైనా బయటపెట్టకూడదనీ చెప్పింది. బాధితురాలు మరణించినా ఈ నియమం పోదు. అప్పట్లో ఇది ఐపీసీ 228ఎ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. రెండేళ్ల వరకు జైలు ఉంది. అంటే నీ సైకిల్ షాపు తండ్రి కూడా ఆ "వివరం" కిందికి వస్తాడు.

ఇప్పటిదాకా చెప్పింది నీ స్క్రిప్టులో చిన్న తప్పు. పెద్ద తప్పు వేరే ఉంది. నా జీవితమంతా సంపాదకులతో నేను గొడవపడినది దాని గురించే. అది కాలక్రమం.

నీ కథలో తల్లి రాత్రి తొమ్మిదింటికి స్టేషన్‌కు వెళుతుంది, పది నిమిషాల్లో కేసు నమోదవుతుంది, జీపు బయలుదేరుతుంది. అసలు కేసులో ఆ తల్లి రాత్రంతా స్టేషన్ బెంచీ మీద కూర్చుంది, కేసు మర్నాడు నమోదైంది. "వేగం కోసం కుదించాను" అని మార్జిన్‌లో రాసుకున్నావు. ఆ కుదింపులో కథలోంచి మాయమైంది పోలీసుల నిర్లక్ష్యం. నువ్వు ఎవరి పేరునూ మార్చనవసరం లేకుండానే ఒక శాఖను నిర్దోషిని చేశావు.

మన దగ్గరే జరిగిన 'దిశ' కేసుతో దీన్ని చూడు. ఆ పేరు కూడా చట్టాన్ని పాటించడానికి సైబరాబాద్ పోలీసులు పెట్టిందే. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర అమ్మాయి కనపడకుండా పోయింది. కుటుంబం స్టేషన్‌కు వెళితే ఇది మా పరిధి కాదన్న మాట వినవలసి వచ్చింది. ఆలస్యానికి బాధ్యులుగా ముగ్గురు పోలీసులను తరువాత సస్పెండ్ చేశారు. ఏ స్టేషన్‌లోనైనా కేసు నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ గురించి రాష్ట్రమంతా మాట్లాడుకున్నది ఆ ఆలస్యం వల్లనే. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ కాల్పుల మీద సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ, చనిపోయినవారిలో ముగ్గురు అప్పటికి మైనర్లనీ అది తేల్చింది.

ఈ సంఘటనల మీద ఎపిసోడ్లు రాసే రచయిత ఒక్క అబద్ధం కూడా రాయకుండా రెండు వ్యతిరేక కథలు రాయగలడు. స్టేషన్‌లోని ఆ గంటలను కుదించి, పూలు చల్లిన రోజు దగ్గర ఆపేస్తే అది పోలీసుల విజయగాథ. ఆ గంటలను అలాగే ఉంచి, నివేదిక దాకా వెళితే మొదట ఆలస్యం చేసిన వ్యవస్థే చివర తొందరపడిందన్న కథ. రెండింటిలోనూ పేర్లు అవే, మనుషులు అవే, తేడా గడియారానిది. అందుకే ప్రేక్షకులు "పేర్లు మార్చారా లేదా" అని అడిగినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. వాళ్లు అడగవలసింది ఏ గంటను ఎక్కడికి జరిపారని.

నేను ఒక వారపత్రికలో నేరపరిశోధన సీరియల్ రాసే రోజుల్లో, ఒక కేసులో మొదట పట్టుకున్న యువకుడిని కొన్నాళ్లకు వదిలేశారని రాశాను. అసలు ముద్దాయి దొరికింది ఆ తరువాత. సంపాదకుడు ఆ విడుదల భాగం కోసేసి, అరెస్టు దగ్గర వారం ముగించాడు. సస్పెన్సు బాగుంటుందట. నేను పోట్లాడాను, నా మాట చెల్లలేదు, ఆ సీరియల్ నేను వదులుకున్నాను. ఆ యువకుడి మామ మా ఇంటికి వచ్చి, పత్రిక చూసి పెళ్లి సంబంధం వెనక్కి పోయిందని చెప్పాడు. ఈనాటి సిరీస్‌లలో ప్రతి ఎపిసోడ్ ఒక అరెస్టు దగ్గరో ఒక తలుపు తట్టడం దగ్గరో ఆగాలన్న నియమాన్ని చూసినప్పుడు ఆ సంపాదకుడే మళ్లీ కుర్చీలో కూర్చున్నట్టు అనిపిస్తుంది.

నీ స్క్రిప్టులో ఇంకా ఒక అడుగు ముందుకు వేశావు. పోలీసులు అనుమానించి వదిలేసిన వ్యక్తినీ, కోర్టు శిక్షించిన వ్యక్తినీ కలిపి ఒకే పాత్ర చేశావు. పాత్రలు కలపడం ఈ కళలో తప్పు కాదు. 'చెర్నోబిల్' సిరీస్‌లో ఖోమ్యుక్ అనే శాస్త్రవేత్త అలా ఎందరినో కలిపి చేసిన పాత్ర, ఆ సంగతి సిరీస్ చివర రాసి మరీ చెప్పారు. కానీ అక్కడ కలిపింది సహాయం చేసినవారిని. నువ్వు కలిపింది నిర్దోషినీ దోషినీ. 'బేబీ రెయిన్‌డీర్' కోర్టుకెక్కింది సరిగ్గా ఇలాంటి చోటే. ఆ స్త్రీ 170 మిలియన్ డాలర్ల దావా వేసింది. సిరీస్‌లో మార్తా నేరం ఒప్పుకుని జైలుకు వెళుతుంది, నిజ జీవితంలో ఆ స్త్రీకి అలాంటి శిక్ష ఏదీ పడలేదు. 2024 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలో ఫెడరల్ న్యాయమూర్తి, వేధించిందనడానికీ వేధించినందుకు కోర్టులో శిక్ష పడిందనడానికీ చాలా తేడా ఉందని చెప్పి, పరువునష్టం అభియోగాన్ని ముందుకు సాగనిచ్చారు. మొదటి ఎపిసోడ్‌లో "ఇది నిజమైన కథ" అని తెర మీద రాసినందుకు కూడా తప్పు పట్టారు. కొన్ని పాత్రలు, సంఘటనలు కల్పితమన్న మాట వాళ్లూ రాశారు, కానీ ఎవరూ చదవని చివరి అక్షరాల వరుసలో.

ఇక నువ్వు చెయ్యవలసింది చెబుతాను. పత్రికల కత్తిరింపులు పక్కన పెట్టి, ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, తీర్పు ప్రతి తెచ్చుకో. తీర్పులు చాలావరకు ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో దొరుకుతాయి. ఒక కాగితం మీద ఎడమ పక్క అసలు తేదీ, గంట రాయి. కుడి పక్క నీ సీన్‌లోని తేదీ, గంట రాయి. రెండూ కలవని ప్రతి చోటా ఒక్క ప్రశ్న వేసుకో: ఈ మార్పు వల్ల ఎవరి తప్పు తగ్గింది, ఎవరి తప్పు పెరిగింది? వాన పడిన రోజు మారితే ఎవరికీ ఏమీ కాదు, ఉంచుకో. ఇద్దరు సాక్షులు ఒక్కరైతే, వాళ్లు చెప్పింది ఒకటే అయితే, ఉంచుకో. ఫిర్యాదు గంట, అరెస్టు రోజు, విడుదల, వాంగ్మూలం ఇచ్చిన క్రమం, కోర్టు తేల్చిన మాట, ఈ అయిదూ జరపకు. నిర్మాత ఒత్తిడి చేస్తే ఆ కాగితం ఆయన ముందు పెట్టు.

ఎపిసోడ్‌కు ఎన్ని పేజీలు ఉండాలో, పారితోషికం ఎలా మాట్లాడుకోవాలో అడిగావు. ఆ సంగతులు నాకంటే బాగా చెప్పేవాళ్లు నీ ఈడువాళ్లలోనే ఉన్నారు.

స్క్రిప్టు తిరగరాశాక, మొదటి సీను కంటే ముందు తెర మీద వచ్చే మాటలు కూడా నువ్వే రాసి పంపు. "వాస్తవ సంఘటనల ఆధారంగా" అన్న అరిగిపోయిన వాక్యం వద్దు. కుటుంబం వివరాలు, ఊరు, సంభాషణలు కల్పితమనీ, ఫిర్యాదు నుంచి తీర్పు దాకా తేదీలు కోర్టు రికార్డు ప్రకారం ఉన్నాయనీ రాయి. రెండో మాట నిజమయ్యేదాకా ఆ కార్డు తెర మీదికి పోకూడదు.