ముల్కీ నిబంధనల ప్రశ్నకు జవాబు 1919లో ఆగిపోకూడదు

"సార్, గ్రూప్-1 మెయిన్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. '1919 ముల్కీ నిబంధనల చారిత్రక ప్రాముఖ్యతను వివరించండి' అంటే నిబంధనలన్నీ కరెక్ట్‌గానే రాశాను. టెస్ట్‌లో సగం మార్కులు కూడా రాలేదు. ఇంకేం రాయాలి?"

నిబంధనల్లో ఏముందో రెండు వాక్యాల్లో తేల్చేయండి. నిజాం ఫర్మానాతో వచ్చాయి, హైదరాబాద్ సంస్థానంలో సర్కారు ఉద్యోగం కావాలంటే ముల్కీ, అంటే స్థానికుడు, అయి ఉండాలి, బయటివాళ్లు ముల్కీ కావాలంటే కనీసం 15 ఏళ్ల నివాసం ఉండాలి, అంతే. అసలు ప్రశ్న ఆ తర్వాతి యాభై ఏళ్ల గురించి. నిజాం పాలన పోయింది, సంస్థానం పోయింది, హైదరాబాద్ రాష్ట్రం కూడా 1956లో పోయింది, మరి 1972లో ఈ నిబంధనల మీద రాష్ట్రం ఎందుకు అట్టుడికింది?

చాలామంది 1919, 1952, 1969, 1972 అని తేదీలు వరసగా రాసేస్తారు. ఒకదాన్నుంచి ఇంకొకటి ఎలా వచ్చిందో చెప్పరు. మార్కులు పోయేది అక్కడే.

ఆ లింకు రాజ్యాంగంలో ఉంది. ఉద్యోగాలకు నివాసం షరతు పెట్టే పాత చట్టాలను పార్లమెంటు మార్చేదాకా లేదా రద్దు చేసేదాకా 35(బి) అధికరణ బతికించి ఉంచింది. అందుకే నిబంధనలు కాగితం మీద ఉన్నా ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయన్న కోపంతో 1952లో ముల్కీ ఆందోళన వచ్చింది. 1957లో పార్లమెంటు కొత్త చట్టం చేసి తెలంగాణ ప్రాంతంలో నివాసం షరతు పెడితే, 1969లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. 1972 అక్టోబరులో అదే కోర్టు పాత ముల్కీ నిబంధనలు ఇంకా అమల్లోనే ఉన్నాయని చెప్పేసరికి ఆంధ్ర ప్రాంతంలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. చివరికి ఆరు సూత్రాల పథకం, 1973లో 32వ సవరణతో 371-డి అధికరణ వచ్చాయి, ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి. కానీ స్థానికత అన్న ఆలోచన మాత్రం 371-డి కింద 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల్లోకి చేరింది, మీరు నోటిఫికేషన్‌లో లోకల్, నాన్-లోకల్ అని చూస్తున్నది దాని కొనసాగింపే.

రాశాక ఒక్కో వాక్యాన్ని ఇలా పరీక్షించుకోండి: 1919 నిబంధనలు అసలు లేకపోయినా ఈ సంఘటన ఇలాగే జరిగేదా? జరిగేదే అనిపిస్తే ఆ వాక్యం కొట్టేయండి. జై ఆంధ్ర ఈ పరీక్షలో నిలుస్తుంది, ఎందుకంటే ఆ తీర్పే ముల్కీ నిబంధనల మీద. 2014 తెలంగాణ ఏర్పాటు అంత నేరుగా నిలవదు, అక్కడ నీళ్లు, నిధులు, రాజకీయాలు కూడా ఉన్నాయి, కాబట్టి "ముల్కీ వల్లే తెలంగాణ వచ్చింది" అని రాయకండి. ఉద్యోగాల వాటా అన్న డిమాండుకు చట్టం భాష ఇచ్చింది ముల్కీ అని రాయండి, అది నిలబడే మాట.