నాయన ఫోన్‌లో తెలియని లిపి పడితే, రీసెట్ లేకుండా తెలుగు తెప్పించిన తీరు

ప్రశ్న: మా నాన్న ఫోన్‌లో అక్షరాలన్నీ ఏదో తెలియని భాషలోకి మారిపోయాయి. ఆయన ఊళ్లో, నేను బెంగళూరులో. రీసెట్ చేయకుండా బాగుచేయొచ్చా?

చేయొచ్చు, దూరం నుంచే. మా నాయన మదనపల్లె దగ్గర టమాటా రైతు, నేనుండేది మారతహళ్లిలో. ఒకరోజు పక్కింటి పిల్లోడి ఫోన్ నుంచి చేసి, "ఒరే, నా ఫోన్‌లో మీ బెంగళూరు బోర్డుల మీద ఉండే అక్షరాలు పడినాయి, ఏందిరా ఇది?" అన్నాడు. వీడియో కాల్ పెట్టించి చూస్తే కన్నడం కాదు. గుండ్రంగా ఉన్నాయే గానీ ఒక్కటీ చదవలేకపోయాను. స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌కి ఇస్తే బర్మీస్ అని తేలింది.

అప్పటికే టౌన్లో ఒక షాపాయన "ఫార్మాట్ కొట్టాల్సిందే" అన్నాడట. దానికి మాత్రం ఒప్పుకోకండి. భాష మారినంత మాత్రాన లోపలి డేటాకు ఏమీ కాదు, ఫార్మాట్ కొడితే మాత్రం పాస్‌బుక్ ఫొటోలూ డ్రిప్ బిల్లులూ అన్నీ పోతాయి. పైగా బటన్లు నొక్కిపట్టి చేసే రీసెట్ అయితే, తర్వాత పాత గూగుల్ అకౌంట్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ మా నాయనకు ఏ రోజూ తెలీదు.

పిల్లోడి ఫోన్ వెనక కెమెరాను నాయన ఫోన్ మీదికి తిప్పించాను. అక్షరాలు మారినా బొమ్మలు మారవు కాబట్టి సెట్టింగ్స్‌కి ఉండే పళ్లచక్రం గుర్తు నొక్కమన్నాను. నాయనది మామూలు ఆండ్రాయిడ్, అందులో భాషలు 'సిస్టమ్' లోపల ఉంటాయి, అది జాబితా చివర్లో దొరుకుతుంది. శాంసంగ్ అయితే 'జనరల్ మేనేజ్‌మెంట్', షావోమీ అయితే 'అడిషనల్ సెట్టింగ్స్' వెతకాలి. ఎక్కడ తికమకపడినా మళ్లీ స్క్రీన్‌షాట్, మళ్లీ లెన్స్.

సరైన చోటికి వచ్చామని ఎలా తెలుస్తుందంటే, భాషల పేర్లు వరుసగా కనిపిస్తాయి, కింద ప్లస్ గుర్తు ఉంటుంది. అది నొక్కితే వచ్చే పెద్ద జాబితాలో ప్రతి భాష పేరూ దాని సొంత లిపిలోనే ఉంటుంది. అందుకే ఫోన్ ఏ భాషలో ఉన్నా 'తెలుగు' అనేది తెలుగులోనే కనిపిస్తుంది. నాయనే చూసి "ఇదిగో, తెలుగు!" అని నొక్కేశాడు.

అక్కడితో అయిపోలేదు. తెలుగు రెండో వరుసలో చేరిందే గానీ ఫోన్ ఇంకా బర్మీస్‌లోనే ఉంది, ఎందుకంటే మొదటి వరుసలో ఉన్న భాషలోనే ఫోన్ నడుస్తుంది. పేరు పక్కనున్న గీతల మీద వేలు నొక్కిపెట్టి, వదలకుండా పైకి లాగాలి. పొలం పనితో కాయలు కాసిన వేలికి అది పట్టు దొరకలేదు, చివరికి పిల్లోడే లాగాడు. కొన్ని ఫోన్లలో రెండు బటన్లతో ఒక ప్రశ్న వస్తుంది, మారుస్తామనేది సాధారణంగా కుడివైపుది. ఉర్దూ, అరబిక్ పడి ఉంటే మాత్రం స్క్రీన్ మొత్తం అద్దంలోలా తిరగబడుతుంది, అప్పుడు ఎడమవైపు చూడండి.

ముందుగా ఒకటి తేల్చుకోండి: సెట్టింగ్స్ బాగానే ఉండి ఒక్క వాట్సాప్‌లోనే వింత అక్షరాలుంటే ఇదంతా అక్కర్లేదు, ఆ యాప్ లోపలి భాష మారిస్తే చాలు.