అబద్ధం ఆడని సాక్షి కూడా పొరబడొచ్చు

ప్రశ్న: మా తమ్ముణ్ని గొలుసు దొంగతనం కేసులో పట్టుకెళ్లి ఇరవై రోజులైంది. ఆ టైముకి వాడు పనిచేసే షాపులో ఉన్నాడు. గొలుసు పోయినావిడకి స్టేషన్‌లో ముందు ఫోన్లో వాడి ఫొటో చూపించారట. తర్వాత జైల్లో గుర్తింపు పరేడ్‌లోనూ వాణ్నే చూపించింది. 'ఆ ముఖం చచ్చినా మర్చిపోను' అంటోంది. అబద్ధమాడే మనిషి కాదు. అమ్మ అన్నం మానేసింది. వెళ్లి ఆవిడ కాళ్లు పట్టుకోమంటారా?

జవాబు: ఆవిడ గడప తొక్కకండి. సాక్షిని లొంగదీయడానికి వచ్చారని ఒక్క మాట చెబితే బెయిలుకి అడ్డం పడుతుంది, మీ మీద ఇంకో కేసు తయారవుతుంది.

మీ కేసును తేల్చేది పరేడ్‌కు ముందు చూపించిన ఆ ఫొటో. బండి మీద వచ్చి గొలుసు తెంచుకుపోవడం కొన్ని సెకన్ల పని. అంతలో ఆవిడ చూపు మెడ మీద పడ్డ చేతి వైపే పోయి ఉండొచ్చు, ముఖం అరకొరగానే ఆనుతుంది. పైగా జ్ఞాపకం బీరువాలో దాచిన ఫొటో కాదు, తలచుకున్న ప్రతిసారీ ముక్కలు పోగేసి మళ్లీ కట్టుకునేది. స్టేషన్‌లో తీరిగ్గా చూసిన ముఖం ఆ ఖాళీల్లో కూర్చుంటుంది. పరేడ్‌లో 'ఈ ముఖం చూశాను' అనిపించడం నిజమే, ఎక్కడ చూసిందన్నదే తారుమారు. ఆపైన ఎవరైనా 'సరిగ్గా పట్టారమ్మా' అంటే అనుమానం కాస్తా నమ్మకమైపోతుంది.

అమెరికాలో రోనాల్డ్ కాటన్ మీద పెట్టిన అత్యాచారం కేసు ఇలాంటిదే. 1984లో బాధితురాలు ఫొటోల్లో అతన్ని ఎంచుకుంది. తర్వాత వరుసలో నిలబెట్టినవారిలో ఆ ఫొటోల్లో కనిపించినవాడు అతనొక్కడే. మళ్లీ అతన్నే చూపించింది. తర్వాతి విచారణలో అసలు నేరస్థుణ్ని ఎదుట నిలబెడితే, ఇతన్నెప్పుడూ చూడలేదంది. 1995లో డీఎన్ఏ పరీక్ష తేల్చేదాకా కాటన్ పదేళ్లకు పైగా జైల్లోనే ఉన్నాడు. ఆమె ఎక్కడా అబద్ధమాడలేదు.

కాబట్టి ఆవిణ్ని అబద్ధాలకోరు అని మీ వకీలు వాదించకూడదు. ఆవిడ నిజాయితీని జడ్జి నమ్మగానే మీరు ఓడిపోతారు. వాదన 'పొరబడింది' అనే ఉండాలి. పరేడ్ స్వయంగా రుజువు కాదు, కోర్టులో గుర్తుపట్టడానికి బలం మాత్రమే. ముందే ఫొటో చూపించారని తేలితే ఆ బలం బాగా సడలుతుంది. అందుకే ఎఫ్ఐఆర్, ఆవిడ పోలీసులకిచ్చిన వాంగ్మూలం, పరేడ్ జరిపిన మేజిస్ట్రేట్ ప్రొసీడింగ్స్, మూడిటి నకళ్లూ తీయించండి. మొదటి ఫిర్యాదులో ముఖం వర్ణన ఉందా? హెల్మెట్, కర్చీఫ్ మాట ఉందా? 'ఎవరో ఇద్దరు కుర్రాళ్లు' అని మాత్రమే ఉంటే, భారతీయ సాక్ష్య అధినియమ్ 148వ సెక్షన్ కింద ఆ కాగితాన్నే ఆవిడ ముందు పెట్టి క్రాస్ చేయాలి. ఫొటో ఎప్పుడు, ఎవరు, ఎన్ని ఫొటోలతో కలిపి చూపించారన్నది ఆవిణ్నీ దర్యాప్తు అధికారినీ విడివిడిగా అడగాలి.

ఇక మీకో చీవాటు. షాపులో ఉన్నాడని ఇరవై రోజులుగా తెలిసీ సీసీ కెమెరా సంగతి ఎత్తలేదు. వేరేచోట ఉన్నాడని నిరూపించే భారం మీదే. డిస్కు నిండితే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది, కొన్ని షాపుల్లో పదిహేను రోజులకే. ఈరోజే యజమానికి కాగితం రాసిచ్చి డిస్కు తీయించి దాచమనండి. రేపు వకీలు చేత క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 94వ సెక్షన్ కింద దాన్ని తెప్పించమని పిటిషన్ వేయించండి. కాపీ దాఖలు చేస్తే దానితోపాటు ఆ కాపీ ఎలా తీశారో చెప్పే సాక్ష్య అధినియమ్ 63(4) సర్టిఫికెట్ ఉండాలి.