సేల్స్ మెయిల్ రాశావ్ సరే, ముందు చివరి లైన్ చూడు

తమ్ముడూ,

నీ డ్రాఫ్ట్ చదివా, మందుల డిస్ట్రిబ్యూటర్లకి ఎక్స్‌పైరీ సాఫ్ట్‌వేర్ అమ్మే మెయిల్. బాగుందా అన్నా అని అడిగావ్, భాష బానే ఉంది కానీ సేల్స్ మెయిల్‌ని అలా చూడరు. నేనైతే ముందు ఏం అడిగావో చూస్తా, తర్వాత ఎవరి గురించి రాశావో, ఆఖర్న పొడవు. చాలామంది పొడవుతో మొదలెట్టి అక్కడో పదం ఇక్కడో పదం పీకేస్తుంటారు. అసలు ఏం అడగాలో తేలకుండా ఏ లైన్ ఉంచాలో ఎలా తెలుస్తుంది?

నీ చివరి పేరా చూడు. "మా వెబ్‌సైట్ సందర్శించండి, బ్రోచర్ జత చేశాం, డెమో కోసం కాల్ చేయండి, మీ అభిప్రాయం తెలియజేయండి." నాలుగు పనులు చెప్పావ్. ఆ డిస్ట్రిబ్యూటర్ కౌంటర్లో కూర్చుని, ఒక పక్క ఆర్డర్ బాయ్స్ అరుస్తుంటే ఫోన్‌లో చూస్తాడు, నాలుగిట్లో ఏది చెయ్యాలో ఆలోచించే ఓపిక ఉండదు, తర్వాత చూద్దాంలే అని వదిలేస్తాడు, అంతే సంగతులు. పైగా అభిప్రాయం అంటే దేని మీద? ఆ చివరి లైన్ ఒక్కటే, మెయిల్ చదవని వాళ్లకి చదివి వినిపించు. ఆయన ఏం చెయ్యాలి, ఎప్పుడు, ఎంతసేపు పడుతుంది, ఈ మూడూ వాళ్లు చెప్పగలిగితే పాస్. ముక్కూ మొహం తెలియనోడు మొదటి మెయిల్లోనే గంట డెమో అడిగితే ఎవరిస్తారు, పది నిమిషాలు అడుగు చాలు.

ఇక రెండోది, ఎవరి గురించి రాశావో. నువ్వు "మేము" అని రెండేసార్లు రాశావ్, అందుకే నీకు బానే అనిపించి ఉంటుంది. కానీ క్రియలు చూడు: స్థాపించాం, రూపొందించాం, అందిస్తున్నాం, గర్విస్తున్నాం. "మీకు అత్యుత్తమ సేవలు అందిస్తున్నాం" అన్న దాంట్లో మీకు అని ఉన్నా పని చేసేది మనమే, పొగుడుకునేదీ మనమే. అందుకే పదాలు లెక్కపెట్టకు, ప్రతి వాక్యంలో పని ఎవరిదో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ వెళ్లు.

ఇంకోటి, కంపెనీ పేరు చేత్తో మూసేసి చదువు. అదే మెయిల్ సిమెంట్ డీలర్‌కి పంపినా సరిపోతుందా? నీ మొదటి రెండు పేరాలూ సరిపోతాయి! ఆయన అసలు తలనొప్పి ఏంటంటే, ఒకే మందు మూడు బ్యాచ్‌లుంటే మూడు ఎక్స్‌పైరీలు, షాపుల నుంచి వెనక్కొచ్చే సరుకు వేరే, కంపెనీలేమో గడువులోపు క్లెయిమ్ పంపితేనే క్రెడిట్ నోట్ ఇస్తాయి, ఆ గడువు కూడా ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. వెనక రాక్‌లో ఒక బాక్స్ మర్చిపోతే ఆ డబ్బు పోయినట్టే. ఇది నీకు తెలుసు, మూడో పేరాలో అర వాక్యం రాశావ్ కూడా. దాన్ని పైకి తీసుకురా.

ఈ రెండూ అయ్యాక పొడవు దానంతటదే తగ్గుతుంది. ఇలా వస్తుందేమో చూడు:

"నమస్తే అండి. క్లెయిమ్ గడువు దాటిపోయి క్రెడిట్ నోట్ రాని సరుకు మీ గోడౌన్‌లో కూడా మిగులుతోందా? ఏ బ్యాచ్‌ని ఏ కంపెనీకి ఎప్పటిలోపు పంపాలో మా సాఫ్ట్‌వేర్ ముందే లిస్ట్ ఇస్తుంది. గురువారం గానీ శుక్రవారం గానీ మధ్యాహ్నం 3 తర్వాత పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడొచ్చా? ఏ రోజో రిప్లై ఇస్తే నేనే కాల్ చేస్తా."

కింద నీ పేరు, కంపెనీ పేరు, ఊరు, ఫోన్ నంబర్. అవి మాత్రం తీసేయకు, మరీ కురచ చేస్తే మోసం మెయిల్ అనుకుంటారు. ఇన్ని పదాలే ఉండాలని ఇంగ్లిష్ వాళ్లు చెప్పే లెక్కలు మనకి పట్టవు, మన పదాలు పొడుగు కదా. నీకే మెయిల్ చేసుకుని ఫోన్‌లో తెరువు, వేలు కదపకుండానే అడిగిన లైన్ కనపడాలి. కనపడకపోతే ఇంకా కొయ్యి. సబ్జెక్ట్ కూడా అక్కడే చూసుకో, "వినూత్న క్లౌడ్ ఆధారిత" దగ్గరే తెగిపోతోంది, "ఎక్స్‌పైరీ క్లెయిమ్‌ల గురించి" అని పెట్టు చాలు.

ఈ కొలత పరిచయం లేనివాళ్లకి రాసే మొదటి మెయిల్‌కే. రేట్లు పంపండి అని ఆయనే అడిగితే రెండు పేజీలైనా చదువుతాడు, అక్కడ కుదిస్తే నష్టం నీకే. అందుకే బ్రోచర్ ఇప్పుడు జత చేయొద్దు కానీ పారేయకు కూడా, వివరాలు పంపమని ఎవరైనా రిప్లై ఇచ్చినప్పుడు పంపు, అందులో ధరల పేజీ లేదు, అది మాత్రం ముందు కలిపించు.

ఇట్లు,
అన్న